పూరీ పొంగట్లేదు, పకోడీ నూనె పీల్చేస్తోంది: పిండిని అనేముందు నూనె చూడండి

పూరీ పొంగకపోతే అందరూ ముందు పిండినే అంటారు. గోధుమపిండి బ్రాండ్ మారుస్తారు, రవ్వ కలుపుతారు, ఇంకో అరగంట నానబెడతారు, కానీ నూనె కాగిందో లేదో ఒక చిన్న ఉండ వేసి చూడరు. థర్మామీటర్ అక్కర్లేదండీ, శనగగింజంత పిండి చాలు.

ఏ పిండి వేయించబోతున్నారో ఆ పిండితోనే చూడాలి. పూరీకైతే పూరీ పిండి ఉండ, పకోడీకైతే ఉల్లిపాయ ముక్క లేకుండా పకోడీ పిండి చుక్క. నీళ్ల చుక్క మాత్రం వేయకండి, చిట్లి మొహం మీదకొస్తుంది. వేసేముందు గరిటెతో నూనె ఒకసారి అడుగు నుంచి కలపండి, లేకపోతే ఒక చోట ఒక వేడి, ఇంకో చోట ఇంకో వేడి ఉంటుంది.

ఉండ అడుగునే కూర్చుంది, బుడగలు ఒకటీ అరా వస్తున్నాయి: నూనె ఇంకా కాగలేదు. ఇప్పుడు పూరీ వేస్తే అప్పడంలా పరుచుకుంటుంది, పొంగదు. లోపల ఆవిరి ఒక్కసారిగా పుడితేనే పూరీ రెండు పొరలుగా విడుతుంది, అది మెల్లమెల్లగా పుడితే పక్కలనుంచి పోతుంది. ఇంకాస్త ఆగండి.

రెండు మూడు సెకన్లలో పైకి తేలింది, చుట్టూ బుడగలు గలగలా, రంగు మాత్రం ఇంకా మారలేదు: పకోడీకి ఇదే సరైన వేడి, సుమారు 170 డిగ్రీలు.

వేసీ వేయగానే తేలింది: పూరీకి ఇది కావాలి, 180 నుంచి 190 మధ్య. అదే పది సెకన్లలోపే ఎర్రబడిపోతే వేడి ఎక్కువైనట్టు. పొగ వస్తుంటే ఇంక టెస్ట్ దేనికి, స్టవ్ ఆపేయండి.

ఇక్కడిదాకా చాలామందికి తెలుసు. అసలు తిరకాసు ఏంటంటే ఉండ వేసి చూసింది మొదటి వాయికే, తర్వాత వాయిలకి ఎవరూ చూడరు. "మొదటి వాయి బ్రహ్మాండంగా వచ్చింది, రెండోది నూనె ఓడుతోంది, పిండి పల్చబడిందేమో" అని ఇంకో రెండు చెంచాల శనగపిండి కలిపేస్తారు. పకోడీ కాస్తా రాయిలా అవుతుంది, నూనె సమస్య అలాగే ఉంటుంది.

ఉదాహరణకి చిన్న బాండీలో అర లీటరు నూనె పెట్టి ఉల్లి పకోడీ వేస్తున్నారనుకోండి. ఉప్పు పడ్డ ఉల్లిపాయ నీరు వదులుతుంది, ఆ నీరంతా ఆవిరవ్వడానికి వేడి నూనె నుంచే పోతుంది. ఒకేసారి పది పకోడీలు వేస్తే మొదట చుయ్‌మని పెద్ద చప్పుడు, కాసేపటికే ఆ చప్పుడు తగ్గి బుడగలు నీరసంగా వస్తాయి. పకోడీ ఇంకా పచ్చిగా ఉండగానే ఇలా అయిందంటే నూనె చల్లబడిందని అర్థం. (పకోడీ వేగిపోయాక కూడా బుడగలు తగ్గుతాయి, అది మంచిదే, రంగు చూస్తే తేడా తెలిసిపోతుంది.) ఆ వాయి తీసీ తీయగానే రెండోది వేస్తే ఇక అది వేగదు, నూనెలో నానుతుంది. కాబట్టి ఆ బాండీకి ఐదారు పకోడీలే వేయండి, వేసిన వెంటనే మంట పెంచండి, బుడగలు మళ్లీ జోరందుకున్నాక మీడియంకి తేండి. వాయి తీశాక చిల్లుల గరిటెతో తునకలన్నీ తీసేసి, నూనె కలిపి, మళ్లీ ఒక చుక్క వేసి చూడండి. ఎంతసేపు ఆగాలి అని అడక్కండి, మీ స్టవ్ వేరు నా స్టవ్ వేరు, చుక్క తేలితే వేయండి, లేకపోతే ఆగండి.

పూరీ దగ్గర ఇదే కథ తిరగబడుతుంది. పూరీ ఒక్కొక్కటే వేస్తాం, అర నిమిషంలో తీసేస్తాం, దాంట్లో నీరూ తక్కువే, అందుకని నూనె పెద్దగా చల్లబడదు. మనం తర్వాతి పూరీ ఒత్తుతూ ఉంటే హైలో ఉన్న మంట మీద ఖాళీ నూనె కాగుతూనే ఉంటుంది. అందుకే మూడోదో నాలుగోదో వేయగానే మచ్చలు మచ్చలుగా మాడుతుంది, మధ్యలో పిండి పిండిగా ఉంటుంది. నాలుగైదు పూరీలు ముందే ఒత్తి పెట్టుకోండి, ఒత్తే గ్యాప్‌లో మంట సిమ్‌లో పెట్టండి, వేసేముందు మళ్లీ ఉండ. ఇనప మూకుడైతే ఇంకా జాగ్రత్త, మంట తగ్గించినా మూకుడు వేడి వెంటనే దిగదు. స్టవ్ కట్టేసి ఒక నిమిషం ఆగండి, లేదా పక్కనుంచి మెల్లగా ఒక గరిటెడు పచ్చి నూనె పోయండి.

ఉండ సరిగ్గానే తేలుతోంది, అయినా పూరీ పొంగట్లేదంటే అప్పుడు పిండిని అనండి, ముఖ్యంగా అంచులు మందంగా మధ్యలో పల్చగా ఒత్తారేమో చూడండి. ఏదీ వేయకుండానే నూనె నురగ కడుతుంటే అది చాలాసార్లు వాడిన నూనె, పారేయండి. ఇండక్షన్ స్టవ్ అయితే కొన్ని మధ్యలో వాటంతటవే ఆగి మళ్లీ వెలుగుతాయి, దానికీ మందు వాయి వాయికీ ఉండ వేసి చూడడమే.