మొదటి అప్పు లెక్క – 3వ పాఠం: నెల వాయిదా ఎలా వస్తుంది?

పోయిన పాఠంలో చక్రవడ్డీ చూశాం. నూటికి నెలకి రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. ఏమీ కట్టకపోతే ఈ నెల బాకీని 1.01తో గుణిస్తే వచ్చే నెల బాకీ వస్తుంది. ఈ పాఠానికి కావలసిందల్లా ఆ 1.01 ఒక్కటే.

లెక్క కోసం మా ఇంట్లో జరిగినదే తీసుకుంటాను. మా మేనకోడలు ఉండేది గాజువాకలో, ఉద్యోగం వచ్చింది రుషికొండలో. రోజూ బస్సులు మారి వెళ్లలేక స్కూటర్ కొనాలనుకుంది. లక్ష రూపాయల అప్పు, 12 శాతం వడ్డీ, 12 నెలల వాయిదాలు. షోరూంలో ఒక కాగితం మీద "నెలకి 9,333" అని రాసిచ్చారు. ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టి, "ఇది కరెక్టేనా మావయ్యా? సంతకం పెట్టేయమంటున్నారు" అంది. అవునో కాదో నేను చెప్పలేదు. పెన్ను తనకే ఇచ్చి లెక్క కట్టించాను. మీరూ ఒక కాగితం తీసుకోండి.

ముందుగా, ఏడాదంతా తను ఒక్క రూపాయి కూడా కట్టలేదనుకుందాం. బాకీ నెలనెలా 1.01 రెట్లు అవుతూ పోతుంది. 12 నెలల తర్వాత లక్షని 1.01 యొక్క 12వ ఘాతంతో గుణించాలి. దీన్ని మామూలు ఫోన్ కాలిక్యులేటర్‌లోనే చేయవచ్చు. 1.01ని 1.01తో గుణిస్తే 1.0201, అది రెండు నెలలకి. దాన్ని దానితోనే గుణిస్తే 1.04060401, నాలుగు నెలలకి. మళ్లీ దాన్ని దానితోనే గుణిస్తే 1.08285671, ఎనిమిది నెలలకి. ఎనిమిదికి నాలుగు కలిస్తే పన్నెండు కాబట్టి చివరి రెండు సంఖ్యలనీ గుణించండి. 1.126825 వస్తుంది. అంటే ఏమీ కట్టకపోతే బాకీ 1,12,682.50 రూపాయలు.

కానీ తను నెలనెలా కడుతుంది. ఆ వాయిదాని E అందాం. మొదటి నెల చివర కట్టిన E వెంటనే బాకీలోంచి పోతుంది, మిగిలిన 11 నెలలూ ఆ మొత్తం మీద వడ్డీ పడదు. కాబట్టి ఏడాది చివరికి ఆ ఒక్క వాయిదా తగ్గించిన బాకీ E కాదు, E ని 1.01 యొక్క 11వ ఘాతంతో గుణించినంత. రెండో వాయిదాకి 10వ ఘాతం, మూడోదానికి 9వది. అలా దిగుతూ వచ్చి, చివరి వాయిదాకి వడ్డీ తగ్గించే సమయమే లేదు, అది ఉత్త E మాత్రమే. ఇక్కడ కాసేపు ఆగండి. ఈఎంఐ లెక్క మొత్తానికి గుండెకాయ ఇదే: పన్నెండు వాయిదాలూ రూపాయల్లో సమానం, బాకీ తగ్గించడంలో మాత్రం సమానం కాదు.

ఈ పన్నెండూ కలిపితే 1,12,682.50 రావాలి. E ని బయటికి తీస్తే లోపల మిగిలేది 1, 1.01, 1.01 వర్గం... ఇలా 11వ ఘాతం దాకా ఉన్న పన్నెండు సంఖ్యల మొత్తం. ప్రతి సంఖ్యా ముందుదానికి 1.01 రెట్లు. దీన్నే గుణశ్రేఢి అంటారు. విడివిడిగా కూడనక్కర్లేదు. మొత్తాన్ని S అని, దాని కింద 1.01 రెట్లు చేసి ఒక గడి పక్కకి జరిపి రాయండి.

```
S      = 1 + 1.01 + 1.01^2 + ... + 1.01^11
1.01 S =     1.01 + 1.01^2 + ... + 1.01^11 + 1.01^12
```

కింది వరసలోంచి పైవరస తీసేస్తే మధ్యలో ఉన్నవన్నీ జంటలుగా కొట్టుకుపోతాయి. మిగిలేది ఇంతే: 0.01 S అంటే 1.126825 లోంచి 1 తీసేయగా వచ్చే 0.126825. కాబట్టి S విలువ 12.6825. ఇక 1,12,682.50ని 12.6825తో భాగిస్తే 8,884.88. ఇదే ఈఎంఐ.

అప్పు P, నెల వడ్డీ r, నెలలు n అయితే బ్యాంకులు వాడే సూత్రం ఇదే:

```
E = P × r × (1+r)^n / ((1+r)^n − 1)
```

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. r దగ్గర 0.12 పెట్టేస్తారు. వాయిదా నెలకి కాబట్టి వడ్డీ కూడా నెలదే, 0.01 కావాలి. ఇంకొకటి, మధ్యలో దశాంశాలు కుదించడం. మా మేనకోడలు మొదట 1.126825ని 1.13 చేసేసింది. వాయిదా 8,692 వచ్చింది. తేడా రెండొందల లోపే కదా అనిపిస్తుంది, కానీ అంతే కడుతూ పోతే ఏడాది చివర ఇంకా 2,400 పైనే బాకీ మిగులుతుంది. కనీసం ఆరు దశాంశాలు ఉంచుకోండి, కుదించడం చివర్లో చేయండి.

సరిచూసుకోవడం సులువు. మొదటి నెల వడ్డీ లక్ష మీద 1,000. 8,884.88లో అది పోగా 7,884.88 అసలుకి జమ, బాకీ 92,115.12. రెండో నెల వడ్డీ 921.15, అసలుకి 7,963.73. ఇప్పుడు 7,884.88ని 1.01తో గుణించి చూడండి. 7,963.73 వచ్చిందా? అసలుకి జమయ్యే భాగం కూడా అదే గుణశ్రేఢిలో పెరుగుతోంది. అందుకే 7,884.88ని 12.6825తో గుణిస్తే, ఒకట్రెండు రూపాయల తేడాలో లక్షే వస్తుంది. రాకపోతే ఎక్కడో తప్పు చేశారన్నమాట.

మరి ఆ 9,333 ఎక్కడిది? లక్ష మీద ఏడాదికి 12,000 వడ్డీ కలిపి, 1,12,000ని 12తో భాగించారు. దీన్ని ఫ్లాట్ వడ్డీ అంటారు. మనం కట్టిన లెక్క తగ్గే బాకీ మీద వడ్డీ. పన్నెండో నెలలో తన బాకీ 8,797 రూపాయలే, ఫ్లాట్ లెక్కలో అప్పుడు కూడా లక్ష మీదే వడ్డీ పడుతోంది. మన లెక్కలో మొత్తం వడ్డీ 6,618 రూపాయలు, వాళ్ల లెక్కలో 12,000. 9,333 వాయిదాని తగ్గే బాకీ మీద లెక్కిస్తే వడ్డీ ఏడాదికి సుమారు 21.5 శాతం అవుతుంది. ఆ సంఖ్య చూశాక తను సంతకం పెట్టలేదు.

అందుకే ఎవరైనా శాతం చెబితే, "ఫ్లాటా, తగ్గే బాకీ మీదా?" అని అడగండి. కాగితం మీద చూపించమనండి. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలూ ఇలాంటి అప్పులకి కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలన్నది ఆర్‌బీఐ నియమం. అందులో ఏపీఆర్ అనే శాతం ఉంటుంది. ప్రాసెసింగ్ ఫీజులాంటివి కూడా అందులో కలుస్తాయి, మన సూత్రంలో కలవవు. కాబట్టి ఏపీఆర్ కొంచెం ఎక్కువ కనబడితే కంగారు పడకండి, ఎందుకు ఎక్కువో అడగండి. బ్యాంకు 8,884.88ని 8,885 చేసి, చివరి వాయిదాలో ఆ రూపాయి తేడా సర్దుతుంది. అందులో తప్పేమీ లేదు.

వచ్చే పాఠం లోపు ఇది చేసి ఉంచండి. కొన్నిచోట్ల మొదటి వాయిదా అప్పు ఇచ్చిన రోజే కట్టించుకుంటారు. అప్పుడు ఘాతాలు 11 నుంచి 0 దాకా కాదు, 12 నుంచి 1 దాకా వస్తాయి. అదే లక్షకి, అదే రూపాయి వడ్డీకి వాయిదా ఎంతవ్వాలి? జవాబు 8,797కి దగ్గరగా వస్తే మీ లెక్క సరైనదే. పైన పన్నెండో నెల బాకీ కూడా ఇదే సంఖ్య. రెండూ ఒకటే ఎందుకయ్యాయో ఆలోచించండి, 4వ పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.