మనసు చిక్కుపడినప్పుడు ఖాళీ పేజీ మీద రాయడం ఎలా మొదలుపెట్టాలి?

నోటుబుక్కు తెరిచి "నాకిప్పుడు ఏమనిపిస్తోంది?" అని ప్రశ్నించుకుంటే చాలామందికి పెన్ను కదలదు. బాధ, కోపం, ఊరట ఒకేసారి ఉన్నప్పుడు ఆ ప్రశ్నకు ఒక్క జవాబు ఉండదు. ఏది రాసినా సగం అబద్ధంలా తోస్తుంది. కాబట్టి ఆ ప్రశ్నను పక్కనపెట్టి, మీకు కచ్చితంగా తెలిసిన చోట మొదలుపెట్టండి.

ఉదాహరణకు ఒకామె ఉందనుకుందాం. సొంతూరు కళ్యాణదుర్గం దగ్గర పల్లె, ఉద్యోగం అనంతపురంలో. బోరు ఎండిపోయి, శనక్కాయ పంట వరసగా దెబ్బతిని, నాయన, అన్న కలిసి చేను అమ్మేశారు. ఆమెకు ఆ తర్వాత ఫోన్లో చెప్పారు. అప్పులు తీరాయి. అయినా ఆమె అన్నతో సరిగా మాట్లాడలేకపోతోంది, ఎందుకో తనకే అంతుపట్టడం లేదు.

ముందు ఒక విడి కాగితం తీసుకోండి. ఇంట్లో ఎవరైనా చదువుతారన్న అనుమానం ఉంటే చెయ్యి దాచుకుంటూ రాస్తుంది. విడి కాగితమైతే రాశాక చించేయొచ్చు. ఫోన్లో పది నిమిషాలకు అలారం పెట్టి, ఫోన్‌ను బోర్లా పెట్టేయండి.

ఇప్పుడు కాగితం పైన ఒక సగం వాక్యం రాయండి. అందులో మనసు గురించి ఏమీ ఉండకూడదు. ఒక చోటు, ఒక వస్తువు, లేదా ఎవరో అన్న మాట ఉండాలి. ఈమెకైతే "ఫోన్ వచ్చినప్పుడు నేను..." సరిపోతుంది. ఆ వాక్యం పూర్తిచేసి, అలారం మోగేదాకా పెన్ను ఆపకుండా రాయాలి. కొట్టివేతలు వద్దు, తప్పొప్పులు చూడొద్దు, వెనక్కి వెళ్లి చదవొద్దు. ఏమీ తోచకపోతే "తెల్దు తెల్దు" అనైనా రాస్తూ ఉండాలి. ఇంట్లో మాట్లాడే మాటల్లోనే రాయండి. పుస్తక భాషలో రాయబోతే ప్రతి పదానికీ ఆగి ఎంచుకోవాల్సి వస్తుంది, ఆ ఆగినప్పుడే అసలు మాట మింగేస్తాం.

ఆమె కాగితం ఇలా ఉండొచ్చు: "ఫోన్ వచ్చినప్పుడు నేను బియ్యం కడుగుతాంటి. చేను అమ్మేసినాం అన్నాడు అన్న. మంచిపనే, అప్పులు తీరినాయి. మంచిపనే. ఏం రాయాల్నో తెల్దు తెల్దు. గట్టుమీద యాపచెట్టు ఉండ్య. అది కూడా పోయినట్లేనా. నన్ను ఒక్కమాటైనా అడగల్యా."

అలారం మోగాక ఒక్కసారి చదవండి. బాగున్న వాక్యం కోసం వెతకొద్దు. ఏది చదువుతుంటే గొంతు పట్టేసిందో దాని కింద గీత గీయండి. రెండుసార్లు రాసిన మాటను కూడా గమనించండి. "మంచిపనే" అని ఆమె తనకు తానే నచ్చజెప్పుకుంటోంది. గీత మాత్రం "అడగల్యా" కింద పడుతుంది. దాంతోనే రెండో విడత: "నన్ను అడిగింటే..." అని మొదలుపెట్టి ఇంకో పది నిమిషాలు రాయాలి. "అడిగింటే నేనూ అమ్మమనే చెప్పింటి" అని వస్తుంది. అంటే కోపం చేను అమ్మినందుకు కాదు, తనను లెక్కలోకి తీసుకోనందుకు. బాధ చెట్టు కోసం, ఊరట అప్పుల వల్ల. ఒక్కటిగా కనిపించిన ముద్ద మూడుగా విడిపోయింది.

దీనిమీద పరిశోధన ఉంది. మనస్తత్వ పరిశోధకులు జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ 1986లో ప్రచురించిన అధ్యయనంలో విద్యార్థులు వరసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు రాశారు. తమను బాగా కలచివేసిన ఘటన గురించి, జరిగింది, అనిపించింది రెండూ రాసినవాళ్లకు రాసిన వెంటనే దిగులు పెరిగింది. ఆ తర్వాతి నెలల్లో మాత్రం వాళ్లు ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. కాబట్టి రాశాక గంటసేపు మనసు బరువెక్కితే భయపడొద్దు, పడుకునే ముందు మాత్రం రాయొద్దు. ఈ ఫలితం అందరికీ ఒకేలా ఉండదు కూడా.

పని జరుగుతోందో లేదో మాటల్లోనే తెలుస్తుంది. "ఎందుకంటే", "ఇప్పుడు అర్థమైతాంది" లాంటివి రోజురోజుకూ పెరుగుతుంటే దారిలో ఉన్నట్టే. మూడు రోజులైనా అదే తిట్టు, అదే ఏడుపు తిరుగుతుంటే అది రాయడం కాదు, పుండు కెలకడం. అప్పుడు మొదటి వాక్యం మార్చండి: "ఆమె ఫోన్ పెట్టేసి..." అని వేరే మనిషి గురించి రాసినట్టు రాయండి, లేదా "చెల్లికి ఎట్ల చెప్పల్ల అని..." అంటూ అన్న వైపు నుంచి రాయండి.

రాస్తుంటే గుండె దడదడలాడి, తట్టుకోలేననిపిస్తే అక్కడే ఆపేయండి. ఆ విషయం ఇప్పుడు వద్దు, చిన్నది ఎంచుకోండి. చచ్చిపోవాలన్న ఆలోచన కాగితం మీదికి వస్తే దాన్ని ఒంటరిగా రాసుకుంటూ కూర్చోవద్దు. నమ్మకమున్న మనిషికి చెప్పండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. అది ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇంకొకటి. ఆ కాగితాన్ని ఫొటో తీసి అన్నకు పంపొద్దు. అందులో ఆ పది నిమిషాల్లో దొర్లిన ప్రతి మాటా ఉంది, అవన్నీ ఆయనకు చెప్పాల్సినవి కావు. చెప్పాల్సింది ఏమిటో తేలింది కదా: "అమ్మడం తప్పనలేదన్నా, ముందు నాకొక మాట చెప్పింటే బాగుండు." అది ఫోన్లో చెప్పొచ్చు.