ఏబీజీ రిపోర్టులో PaCO2 తక్కువగా కనిపించినా అది సరిపోయిందో లేదో ఎలా తేల్చుకోవాలి?

నర్సింగ్ విద్యార్థులు ఏబీజీ రిపోర్టు చదివేటప్పుడు ఎక్కువగా తడబడేది కాంపెన్సేషన్ దగ్గర. ఇన్సులిన్ మానేసి రెండు రోజులుగా వాంతులతో బాధపడుతున్న ఒక మధుమేహ రోగి రిపోర్టును ఉదాహరణగా తీసుకుందాం: pH 7.20, PaCO2 32, HCO3 12.

ముందుగా రక్తం తీసిన తీరును గమనించాలి. సిరంజిలో గాలి బుడగ మిగిలితే PaCO2 ఉన్నదానికంటే తక్కువగా రావచ్చు. నమూనా ఎక్కువసేపు గది ఉష్ణోగ్రతలో ఉండిపోతే రక్తకణాలు పని చేస్తూనే ఉంటాయి గనుక PaCO2 పెరిగి, pH తగ్గుతుంది. ఈ నమూనాలో అలాంటి లోపం లేదనుకుందాం.

రెండో మెట్టు pH. మామూలుగా అది 7.35 నుంచి 7.45 వరకు ఉంటుంది, 7.20 అంటే ఎసిడోసిస్.

మూడో మెట్టులో దానికి కారణం వెతకాలి. PaCO2 మామూలు పరిధి 35–45, HCO3 మామూలు పరిధి 22–26. కార్బన్ డయాక్సైడ్ పెరిగినా, బైకార్బొనేట్ తగ్గినా రక్తంలో ఆమ్లత్వం పెరుగుతుంది. ఇక్కడ PaCO2 తగ్గి ఉంది కాబట్టి ఈ ఆమ్లత్వానికి మూలం అది కాదు. తగ్గిన బైకార్బొనేటే మూలం, అంటే ఇది మెటబాలిక్ ఎసిడోసిస్.

ఇక్కడే చాలామంది "పాక్షిక కాంపెన్సేషన్" అని రాసి కలం పక్కన పెట్టేస్తారు. PaCO2 తగ్గిందా అని చూసి ఊరుకోకుండా, తగ్గవలసినంత తగ్గిందా అని కూడా అడగాలి. అందుకు వింటర్స్ సూత్రం ఉంది:

```
PaCO2 = (1.5 × HCO3) + 8 ± 2
```

12ను 1.5తో హెచ్చవేస్తే 18, దానికి 8 కలిపితే 26. కాబట్టి ఈ రోగి PaCO2 24–28 మధ్య ఉండాలి, కానీ 32 ఉంది. మామూలు పరిధితో పోలిస్తే తక్కువే అయినా, ఈ స్థితికి అది ఎక్కువ. అంటే మెటబాలిక్ ఎసిడోసిస్‌తో పాటు రెస్పిరేటరీ ఎసిడోసిస్ కూడా దాగి ఉంది. ఈ సూత్రం మెటబాలిక్ ఎసిడోసిస్‌కే పనికొస్తుంది. పైగా శ్వాస పూర్తిగా సర్దుకోవడానికి సుమారు 12 నుంచి 24 గంటలు పడుతుంది గనుక, అప్పుడే మొదలైన జబ్బులో ఈ తేడాను ఆచితూచి అర్థం చేసుకోవాలి.

చివరి మెట్టు మంచం దగ్గరే. పొద్దున నిమిషానికి 34 సార్లు లోతుగా ఊపిరి తీసిన మనిషి ఇప్పుడు 20 సార్లు, అదీ పైపైన తీస్తూ మగతగా ఉంటే, చూసేవారికి కుదుటపడినట్టే అనిపిస్తుంది. నిజానికి అతని శ్వాస కండరాలు అలసిపోతూ ఉండవచ్చు. అప్పుడు డాక్టరుకు "pH 7.20" అని మాత్రమే చెబితే చాలదు, PaCO2 28 లోపు ఉండవలసింది 32 ఉందనీ, శ్వాస నెమ్మదించి పైపైకి వచ్చిందనీ, రోగి మగతగా ఉన్నాడనీ కలిపి వెంటనే తెలియజేయాలి.