బతుకమ్మ ఆటలో ఫోకస్, వెలుగు తప్పకుండా వీడియో తీయడం ఎలా?

కిందటేడు ఎంగిలిపూల బతుకమ్మ నాడు హన్మకొండ వేయిస్తంభాల గుడి దగ్గర మా చిన్నమ్మ ఆడుతుంటే వీడియో తీశాను. తెర మీద ఫోకస్ పీకింగ్ ఎర్రగీతలు మస్తుగా మెరిసినయి, ఫోకస్ కుదిరిందనుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే గునుగు పువ్వు నూగుతో సహా కనిపిస్తోంది, చిన్నమ్మ మొహం మాత్రం మసక.

పీకింగ్‌కు మొహం, పువ్వు అన్న తేడా తెలియదు. వెలుగునీడలు ఎక్కడ చటుక్కున మారితే ఆ అంచుకు రంగు పూస్తుంది. గునుగు, బంతి నిండా అంచులే. నున్నటి చెంప మీద అవి ఉండవు.

అందుకే ముందుగా మెనూలో పీకింగ్ లెవెల్‌ను Low చేయండి. High‌లో ఉంటే ఫోకస్ కాస్త తప్పినా గీతలు వస్తాయి. రంగు ఎరుపు, పసుపు వద్దు, పూలలో చీరల్లో కలిసిపోతుంది. నీలం ఉంటే నీలం, లేదంటే తెలుపు పెట్టండి. లెన్స్‌ను f/2.8 దాకా తెరవండి. f/8 దగ్గర ముందూ వెనకా అన్నీ మెరుస్తాయి, ఏది సరిగ్గా కుదిరిందో తేలదు.

ఆడేవాళ్లు తిరుగుతూనే ఉంటారు, వాళ్ల వెంట ఫోకస్ రింగు తిప్పితే ఓడిపోతాం. వలయంలో ఒక చోటు ఎంచుకోండి. అక్కడికి వచ్చినవాళ్ల బొట్టు అంచు మీద, తెరను జూమ్ చేసి చూస్తూ ఫోకస్ పెట్టి రింగు వదిలేయండి. ఇక ఒక్కొక్కరూ అక్కడికి రాగానే కనురెప్పల మీద నీలిగీత వెలుగుతుంది, దాటగానే పోతుంది. గీత చప్పట్లు కొట్టే చేతుల మీదే వెలుగుతుంటే ఫోకస్ ముందుకు వచ్చిందన్నట్టు, కొంచెం వెనక్కి జరపాలి.

తర్వాత వెలుగు. 25 ఫ్రేములకు షట్టర్ 1/50 పెట్టి, జీబ్రాను 95కు ఉంచండి. ఆ మోతాదు దాటిన చోట చారలు వస్తాయి. ISO 1600లో తెల్ల గునుగు మొత్తం చారలైతే 1250, 1000 అంటూ దించుతూ రండి. చారలు కొసల్లో చుక్కలుగా మిగిలితే చాలు. ఫ్లడ్‌లైటు మీద, ముక్కుపుడక మెరుపు మీద ఉంటే పట్టించుకోకండి. ఆ తర్వాత జీబ్రాను 60కి మార్చి మొహం చూడండి. చామనఛాయకు వెలుగు పడే చెంప మీద మాత్రమే చారలు రావాలని నా లెక్క. చాలామంది చెప్పే 70 తెల్లటి చర్మానికి పనికొస్తుంది, మనవాళ్ల మొహాలను పాలిపోయేలా చేస్తుంది.

ఒక మోసం ఉంది. జీబ్రా మొత్తం వెలుగునే కొలుస్తుంది, రంగులను విడివిడిగా కాదు. చారలు లేకుండానే బంతిపువ్వులో ఎరుపు హద్దు దాటి, రేకులన్నీ కలిసి నారింజ ముద్దలా కనిపించవచ్చు. రేకుల మధ్య గీతలు కనబడకపోతే ISO ఇంకో మెట్టు దించండి.

S-Log3లో తీసేవాళ్లకు ఈ అంకెలు నడవవు. అందులో తెలుపు దాదాపు 94 దగ్గరే ఆగిపోతుంది, 95 పెడితే పువ్వు కాలిపోయినా చార రాదు. జీబ్రాను 90కి దించుకోండి.