ఇంటి ఎస్టిమేషన్ నేర్చుకుందాం – 4వ పాఠం: డ్రాయింగ్ లేనప్పుడు ఇనుము ఎంత?

పోయిన పాఠంలో కాంక్రీటు లెక్క కట్టాం. గుంటూరు బ్రాడీపేటలో పాత ఇంటి మీద ఇంకో అంతస్తు వేయాలి, డ్రాయింగ్ మాత్రం దొరకలేదు. అక్కడి నుంచే మొదలుపెడదాం.

ఇనుము క్యూబిక్ మీటరుకు 7,850 కిలోలు. అంటే ఒక క్యూబిక్ మీటరు కాంక్రీటులో ఒక శాతం ఇనుము ఉంటే 78.5 కిలోలు. నేను స్లాబుకు 0.8, బీములకు 1.5 శాతం వేస్తాను. ఐదంగుళాల స్లాబుకు ఆ లెక్కన చదరపు మీటరుకు దాదాపు 8 కిలోలు పడుతుంది. మామూలు గదులకు అది సరిపోతుంది. బాల్కనీలు ఎక్కువగా ఉంటే ఒక శాతం వేయండి. బీముకు కాంక్రీటు లెక్క కట్టేటప్పుడు స్లాబు కింద వేలాడే భాగమే కొలుస్తాం. ఇనుముకు మాత్రం స్లాబు మందంతో కలిపి మొత్తం లోతు తీసుకోవాలి, ఎందుకంటే రింగులు పైదాకా వెళ్తాయి.

ఎక్కువమంది తప్పేది పిల్లర్ల దగ్గర. ఈ ఇంటి డాబా మీద పాత పిల్లర్ల ఊచలు బయటికి వదిలేసి ఉన్నాయి. తుప్పు గీకి కొలిస్తే ఒక్కో పిల్లరుకు 12 ఎంఎం ఊచలు ఆరు. పిల్లరు 9 × 12 అంగుళాలు, అంటే 230 × 300 మిల్లీమీటర్లు. ఆరు ఊచల అడ్డుకోత వైశాల్యం 678 చదరపు మిల్లీమీటర్లు, పిల్లరుది 69,000. దాదాపు ఒక శాతం. పైన కూడా ఇవే ఊచలు వేస్తారనుకుందాం. 3 మీటర్ల ఎత్తు పిల్లర్లు 12 అంటే కాంక్రీటు 2.48 క్యూబిక్ మీటర్లు, ఇనుము 195 కిలోలని రాసేస్తారు.

ఇప్పుడు ఒక్క పిల్లరును విప్పి చూద్దాం. ఊచ మీటరు బరువు కావాలంటే దాని ఎంఎంను అదే అంకెతో గుణించి 162తో భాగించాలి. 12 ఎంఎంకు 0.889 కిలోలు. 3 మీటర్ల ఎత్తుకు, ఊచ పక్కన ఊచ ఆనించి కట్టే 60 సెంటీమీటర్ల ల్యాపింగ్ కలిపితే ఊచ పొడవు 3.6 మీటర్లు, ఆరు ఊచలకు 19.2 కిలోలు. 8 ఎంఎం రింగు కొక్కేలతో సహా 90 సెంటీమీటర్లు, ఆరంగుళాలకు ఒకటి చొప్పున 21 రింగులు, 7.5 కిలోలు. మొత్తం 26.7. పన్నెండు పిల్లర్లకు 320 కిలోలు, అంటే 1.6 శాతం!

కోడ్ పుస్తకంలో పిల్లరుకు కనీసం 0.8 శాతం అని ఉండేది నిలువు ఊచలకే. రింగులు, ల్యాపింగ్ అందులో లేవు. ఆ అంకెను బరువు లెక్కకు వాడితే ఇనుము మధ్యలో అయిపోయి సెంట్రింగ్ ఆగిపోతుంది. అందుకే ఊచలు కనపడని చోట నేను పిల్లరుకు 2 శాతం వేస్తాను. 16 ఎంఎం ఊచలు కనపడితే ఆ అంకె పక్కనపెట్టి ఇలాగే విప్పి లెక్క కట్టండి.

ఈ శాతాలు డబ్బు అంచనాకే. ఎన్ని ఊచలు కట్టాలో, పాత పునాది ఆ అంతస్తును మోస్తుందో లేదో స్ట్రక్చరల్ ఇంజినీరు చెప్పాలి.

వచ్చే పాఠంలోపు ఇదే పిల్లరుకు మూలల్లో 16 ఎంఎం నాలుగు, మధ్యలో 12 ఎంఎం రెండు వేసి శాతం కట్టండి. 16 ఎంఎంకు ల్యాపింగ్ 80 సెంటీమీటర్లు తీసుకోండి.