ఫోన్ వీడియో పాఠాలు – 6: ట్రైపాడ్ మీద స్టెబిలైజేషన్ ఉంచాలా, తీసేయాలా?

చేతి వణుకును సరిచేసే పద్ధతులు రెండు: ఆప్టికల్ స్టెబిలైజేషన్ అనే ఓఐఎస్, ఎలక్ట్రానిక్ స్టెబిలైజేషన్ అనే ఈఐఎస్. ఓఐఎస్‌లో గైరో వణుకును పసిగట్టగానే లెన్స్‌లోని గాజు భాగమో, సెన్సరో దానికి ఎదురుదిశలో కాస్త జరుగుతుంది. ఈఐఎస్‌లో ఏదీ జరగదు. ఫ్రేమ్ అంచుల్ని కోసి పక్కన పెట్టుకుని, మిగిలిన భాగాన్ని అటూ ఇటూ జరుపుతూ చూపిస్తుంది.

అసలు తేడా రాత్రిపూట బయటపడుతుంది. ఓఐఎస్ షటర్ తెరిచి ఉండగానే పనిచేస్తుంది. ఈఐఎస్ చేతికొచ్చేసరికి ఫ్రేమ్ రికార్డయిపోయి ఉంటుంది, అందులోని మసక ఇక పోదు. 1/50 షటర్‌తో నడుస్తూ తీస్తే దృశ్యం నిలకడగానే ఉంటుంది గానీ, వీధిదీపాలు అడుగడుక్కీ సాగి ముడుచుకుంటాయి. షటర్ 1/100కి పెంచి, తగ్గిన వెలుగును ఐఎస్ఓతో భర్తీ చేయండి. మన 50 హెర్ట్జ్ కరెంటు దీపాల కింద 1/100కి మినుకులూ రావు.

కోత ఎంతో మీరే కొలవచ్చు. గోడకు అడ్డంగా టేపు అంటించి, ఫోన్‌ను కదలకుండా నిలిపి, ఈఐఎస్ తీసేసి ఒకసారి, పెట్టి ఒకసారి రికార్డు చేయండి. మొదటిదాంట్లో 150 సెంటీమీటర్లు, రెండోదాంట్లో 120 కనిపించాయనుకుందాం. 120ని 150తో భాగిస్తే 0.8. అంటే 24 ఎంఎం లెన్స్ 30 ఎంఎం అయినట్టే. వెడల్పు పోయింది ఐదో వంతే అయినా, ఎత్తు కూడా అంతే తగ్గుతుంది కాబట్టి మిగిలిన విస్తీర్ణం 64 శాతం. ఇరుకు గదిలో ఇది చిన్న నష్టం కాదు.

ఇప్పుడు స్కూలు వార్షికోత్సవం, హాలు వెనక ట్రైపాడ్ మీద ఫోన్ ఉందనుకోండి. డాన్సర్ వెంట కెమెరాను మెల్లగా తిప్పుతారు. ఆ కదలికను ఈఐఎస్ వణుకనుకుని మొదట ఆపుతుంది, అంచు అయిపోయాక ఒక్కసారి గెంతుతుంది. మీరు ఆపాక కూడా దృశ్యం ఇంకాస్త జారుతుంది. తిప్పకపోయినా కొన్ని ఫోన్లలో ఫ్రేమ్ నెమ్మదిగా తేలుతుంది. అనుమానముంటే స్టేజి తెర అంచును చూస్తూ వీడియోను వేగంగా జరపండి, అది ఫ్రేమ్ అంచుకు దగ్గరవుతూ దూరమవుతూ ఉంటే దొరికినట్టే. ట్రైపాడ్ మీద ఈఐఎస్ తీసేయడమే మంచిది. పోయిన వెడల్పు కూడా తిరిగొస్తుంది.

ఓఐఎస్ సంగతి వేరు. చాలా ఫోన్లలో దానికి స్విచ్చే ఉండదు. కెమెరా లెన్స్ అయితే, కొన్ని ట్రైపాడ్‌ను వాటంతటవే గుర్తిస్తాయి, పాతవి చాలావరకు గుర్తించక, లేని వణుకును సరిచేయబోతాయి. షటర్ 1 సెకను, టైమర్ 2 సెకన్లు పెట్టి, ఓఐఎస్ ఉంచి ఐదు, తీసేసి ఐదు ఫోటోలు తీయండి. పూర్తిగా జూమ్ చేసి చూసినప్పుడు తీసేసినవన్నీ స్పష్టంగా ఉండి, ఉంచినవాటిలో ఒక్కటైనా మసకగా ఉంటే ఆ లెన్స్‌కు ట్రైపాడ్ మీద ఓఐఎస్ వద్దు. అయితే మోనోపాడ్ మీదా, గాలికి ఊగే పొడవాటి లెన్స్‌తోనూ ఉంచుకోండి. అక్కడ ఊపు నిజమైనదే. ట్రైపాడ్ నుంచి దించగానే మళ్లీ ఆన్ చేయడం మాత్రం చాలామంది మరచిపోతారు.