టైట్రేషన్ రీడింగులు కలిశాయి, జవాబు మాత్రం తప్పింది: రిపోర్టులో ఏం రాయాలి?

కావలసినవి: రీడింగుల పట్టిక, కాలిక్యులేటర్, పెన్సిల్. పట్టికను ముందు పెన్సిల్‌తోనే రాయండి. బ్యూరెట్ కడగడం, పిపెట్ పట్టుకోవడం మీకు వచ్చనే అనుకుంటాను.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పిపెట్‌తో 20.0 మి.లీ. హైడ్రోక్లోరిక్ ఆమ్లం తీసుకుని, రెండు చుక్కల ఫినాఫ్తలీన్ వేసి, బ్యూరెట్‌లోని 0.1000 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేట్ చేశారు. రీడింగులు 21.3, 20.7, 20.9, 20.8, 20.8.

మొదట 21.3 పక్కన పెట్టండి. అది రఫ్ రీడింగ్. రంగు ఎక్కడ మారుతుందో చూసుకోవడానికి గబగబా వదిలిన రీడింగ్‌ని సగటులో కలపకూడదు. మిగతా నాలుగింటి సగటు 20.8 మి.లీ.

ఇప్పుడు స్టాండర్డ్ డీవియేషన్. సగటు నుంచి తేడాలు -0.1, +0.1, 0, 0. వాటి వర్గాల మొత్తం 0.02. దీన్ని 4తో కాదు, 3తో భాగించాలి. సగటును ఆ నాలుగు రీడింగుల నుంచే తీశాం కాబట్టి మూడు తేడాలు తెలిస్తే నాలుగోది దానంతటదే తెలిసిపోతుంది. వర్గమూలం తీస్తే 0.08 మి.లీ. వస్తుంది. 4తో భాగిస్తే 0.07 వస్తుంది. కాలిక్యులేటర్‌లో రెండు విలువలూ ఉంటాయి, చాలామంది తప్పుదాన్నే నొక్కుతారు. ఎక్సెల్ వాడితే ఇలా:

```
=STDEV.S(A2:A5)
```

చివర `.P` ఉన్నది వద్దు.

ఆమ్లం గాఢత 0.1000 × 20.8 ÷ 20.0 = 0.1040 మోలార్. ల్యాబ్‌లో ఇచ్చిన అసలు విలువ 0.1020. పర్సెంట్ ఎర్రర్ కోసం తేడాని అసలు విలువతో భాగించాలి, మీకొచ్చిన విలువతో కాదు. 0.0020 ÷ 0.1020 × 100 = +2.0 శాతం. ఆ ప్లస్ గుర్తు తీసేయకండి. మాడ్యులస్ పెట్టి గుర్తు చెరిపేయమని కొందరు చెబుతారు. నేను ఒప్పుకోను, ఎందుకో కింద తెలుస్తుంది.

అసలు చిక్కంతా తర్వాతి ప్రశ్నలో ఉంది: "మీ ఫలితం అక్యురేటా, ప్రిసైజా? కారణం రాయండి." నేను దిద్దిన రికార్డుల్లో సగానికి పైగా "మానవ తప్పిదం వల్ల" అని ఒక్క ముక్క రాసి వదిలేసినవే. దానికి నేను మార్కులు వేయను.

ఇలా ఆలోచించండి. రీడింగులు ఒకదానికొకటి 0.08 మి.లీ. అటూ ఇటూగా ఉన్నాయి. ఆమ్లం నిజంగా 0.1020 అయితే 20.4 మి.లీ. రావాలి, మీకు 20.8 వచ్చింది. తేడా 0.4, అంటే స్టాండర్డ్ డీవియేషన్‌కి ఐదు రెట్లు. చేయి వణికితేనో, కన్ను తడబడితేనో రీడింగులు కొన్ని ఎక్కువ, కొన్ని తక్కువ వచ్చేవి. అన్నీ కలిసి ఒకే వైపు జరగవు. కాబట్టి ప్రెసిషన్ ఉంది, అక్యురసీ లేదు. తప్పు ప్రతిసారీ ఒకేలా జరిగింది.

ఇప్పుడు ఆ ప్లస్ గుర్తు పనికొస్తుంది. క్షారం ఎక్కువ ఖర్చయింది. ఎందుకు? బ్యూరెట్ ముక్కులో గాలి బుడగ ఉందని రాస్తారు. బుడగ ఒకసారి బయటికి పోతే ఆ ఒక్క రీడింగే పెరుగుతుంది, నాలుగూ పెరగవు. పిపెట్‌లో చివరి చుక్కను ఊదారని రాస్తారు. అది ప్రతిసారీ జరిగేదే, దిశ కూడా సరిపోతుంది. కానీ ఒక చుక్క సుమారు 0.05 మి.లీ., దాంతో 0.4 రాదు. కారణం రాసేముందు దిశ, పరిమాణం రెండూ సరిపోయాయో లేదో చూడండి.

ఇక్కడ నా అనుమానం సోడియం హైడ్రాక్సైడ్ మీదే. మూత సరిగ్గా పెట్టని సీసాలో అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని బలం తగ్గుతుంది. లేబుల్ మీద మాత్రం 0.1000 అనే ఉంటుంది. బ్యూరెట్‌ని నీళ్లతో కడిగి, క్షారంతో కడగకుండా నింపినా ఇలాగే పలచబడుతుంది. అందుకే ముందుగా బ్యూరెట్‌ని క్షారంతో రెండుసార్లు కడిగి, మళ్లీ నింపండి.

తర్వాత 20.0 మి.లీ. 0.0500 మోలార్ ఆక్సాలిక్ ఆమ్లాన్ని అదే క్షారంతో టైట్రేట్ చేయండి. ఒక ఆక్సాలిక్ ఆమ్లానికి రెండు క్షారాలు కావాలి. లేబుల్ నిజమైతే 20.0 మి.లీ. దగ్గర రంగు మారాలి. 20.4 దగ్గర మారిందనుకోండి, క్షారం అసలు బలం 0.0980 మోలార్. తప్పు సీసాలోనే ఉంది. అప్పుడు 0.0980 × 20.8 ÷ 20.0 లెక్కిస్తే దాదాపు 0.1020 వస్తుంది. రెండు శాతం ఎర్రర్ పోయింది. స్టాండర్డ్ డీవియేషన్ మాత్రం అదే 0.08 మి.లీ. రీడింగుల్లో ఒక్కటి కూడా మారలేదు కదా.